కిరణజన్య సంయోగక్రియ, శ్వాసక్రియలను పోల్చే చిన్న జవాబు రాయడం ఎలా

ఆమదాలవలస దగ్గర మా ఊళ్లో పదో తరగతి పిల్లలకు సాయంత్రం పూట జీవశాస్త్రం చెబుతాను. "కిరణజన్య సంయోగక్రియకు, శ్వాసక్రియకు మధ్య భేదాలు రాయండి" అని ఇస్తే ఏటా ఒకలాంటి జవాబే ఎక్కువగా వస్తుంది. కాగితం మధ్యలో నిలువు గీత ఉంటుంది. ఎడమ పక్క "ఇది ఆకుల్లో జరుగుతుంది" అని, దానికి ఎదురుగా కుడి పక్క "ఇందులో శక్తి విడుదలవుతుంది" అని రాసి ఉంటుంది. రెండు వాక్యాలూ నిజమే. కానీ ఎడమ వాక్యం చోటు గురించి, కుడి వాక్యం ఫలితం గురించి. రెండిటికీ పోలికే లేదు కాబట్టి మార్కు పోతుంది. చదివిన పిల్లలు కూడా ఇక్కడే నష్టపోతుంటే నాకు బాధగా ఉంటుంది.

ఈ ప్రశ్నకు మూడు అంశాలు ముఖ్యం: లోపలికి ఏం వెళ్తుంది, బయటికి ఏం వస్తుంది, కణంలో ఎక్కడ జరుగుతుంది. పుస్తకం మాటల్లో ఇవే క్రియాజనకాలు, క్రియాజన్యాలు, స్థానం. ఈ మూడింటికీ జవాబు ఎలా కట్టాలో వరుసగా చెబుతాను. మూడోదాని దగ్గర ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే ఎక్కువ తప్పులు అక్కడే దొర్లుతాయి.

మొదటి అడుగు: జవాబు కంటే ముందు అంశం పేరు రాయండి

నిలువు గీతలు ఒకటి కాదు, రెండు గీయండి. అప్పుడు మూడు గడులు వస్తాయి. ఎడమ చివరి గడి సన్నగా ఉన్నా చాలు. అందులో పై నుంచి కిందికి "క్రియాజనకాలు", "క్రియాజన్యాలు", "కణంలో స్థానం" అని ముందే రాసేయండి. ఆ తర్వాతే మిగిలిన రెండు గడులు నింపండి. అంశం పేరు కళ్ల ముందు ఉంటే, ఎడమ పక్క చోటు గురించి రాసి కుడి పక్క శక్తి గురించి రాయడం కుదరదు. చేయి దానంతటదే ఆగుతుంది.

ప్రశ్నలో "క్రియాజనకాలు, క్రియాజన్యాల ఆధారంగా పోల్చండి" అని ఉంటే స్థానం రాయనక్కర్లేదు. రాస్తే తప్పు కాదు గానీ టైమ్ పోతుంది. ప్రశ్న చివర ఉండే "ఆధారంగా" అనే మాట కింద పెన్సిల్‌తో గీత పెట్టుకోవడం మంచి అలవాటు.

రెండో అడుగు: క్రియాజనకాలు

సమీకరణం ఇలా రాయాలి:

```
6CO₂ + 12H₂O → C₆H₁₂O₆ + 6O₂ + 6H₂O
```

బాణం మీద "కాంతి", బాణం కింద "పత్రహరితం" అని రాయండి. ఇక్కడ రెండు సందేహాలు వస్తాయి.

మొదటిది, కాంతి క్రియాజనకమా అని. కాదు. క్రియాజనకం అంటే తన అణువులు మారిపోయి కొత్త పదార్థంలో భాగమయ్యేది. కార్బన్ డయాక్సైడ్, నీరు అలా మారతాయి. కాంతి శక్తి మాత్రమే, పత్రహరితం ఆ కాంతిని పట్టుకునే రంగు పదార్థం. అందుకే ఆ రెండూ బాణం దగ్గర ఉంటాయి. "క్రియాజనకాలు: కార్బన్ డయాక్సైడ్, నీరు, సూర్యకాంతి, పత్రహరితం" అని ఒకే వరుసలో రాసే బదులు "క్రియాజనకాలు: కార్బన్ డయాక్సైడ్, నీరు. అవసరమైనవి: కాంతి, పత్రహరితం" అని విడదీసి రాయండి.

రెండోది, 12 నీటి అణువులు లోపలికి వెళ్లి 6 బయటికి వస్తుంటే, మొదటే 6 అని రాయొచ్చు కదా అని. పోయినేడు ఒక అమ్మాయి అడిగింది: "సార్, రెండు పక్కలా నీళ్లే కదా, కొట్టేస్తే పోదా?" చాలా మంచి ప్రశ్న. లెక్క వేస్తే తెలుస్తుంది.

ఈ చర్యలో విడుదలయ్యే ఆక్సిజన్ అంతా నీటి నుంచే వస్తుంది, కార్బన్ డయాక్సైడ్ నుంచి కాదు. 1930ల్లో వాన్ నీల్ అనే శాస్త్రవేత్త గంధకాన్ని వాడుకునే బ్యాక్టీరియాలను పరిశీలించి ఈ ఆలోచనకు వచ్చాడు. 1941లో రూబెన్, కామెన్ బృందం బరువైన ఆక్సిజన్ ఉన్న నీటిని వాడి దీనికి ఆధారం చూపింది. ఇప్పుడు ఎడమ పక్క 6 నీటి అణువులే ఉన్నాయనుకోండి. వాటిలో ఆక్సిజన్ పరమాణువులు 6. కుడి పక్క 6O₂లో ఉన్నవి 12. నీటి నుంచి 12 రావాలంటే నీటి అణువులు 12 కావాలి. మరి 6CO₂లోని 12 ఆక్సిజన్ పరమాణువులు ఏమయ్యాయి? ఆరు గ్లూకోజ్‌లోకి, ఆరు కొత్తగా ఏర్పడిన నీటిలోకి వెళ్లాయి. అంటే కుడి పక్కన ఉన్న నీరు ఎడమ పక్క నీరు కాదు, కొత్త నీరు. అందుకే కొట్టేయకుండా ఉంచుతాం. 6H₂O పెట్టి రాసిన సమీకరణం కూడా తూగుతుంది, దాన్ని తప్పు అనలేం. కానీ ఆక్సిజన్ ఎక్కడి నుంచి వస్తుందో చూపేది 12 ఉన్న సమీకరణమే.

శ్వాసక్రియ సమీకరణం దీనికంటే తేలిక:

```
C₆H₁₂O₆ + 6O₂ → 6CO₂ + 6H₂O + శక్తి
```

క్రియాజనకాలు గ్లూకోజ్, ఆక్సిజన్. ఇది ఆక్సిజన్ ఉన్నప్పుడు జరిగే వాయు శ్వాసక్రియ. ప్రశ్నలో వట్టి "శ్వాసక్రియ" అని ఉన్నా దీన్నే రాయాలి, అయితే జవాబు మొదట్లో "వాయు శ్వాసక్రియ" అని ఒక్క మాట చేర్చండి.

మూడో అడుగు: క్రియాజన్యాలు

కిరణజన్య సంయోగక్రియలో గ్లూకోజ్, ఆక్సిజన్, నీరు. శ్వాసక్రియలో కార్బన్ డయాక్సైడ్, నీరు, వీటితో పాటు శక్తి విడుదలవుతుంది. పిల్లలు ఇది బాగానే రాస్తారు కాబట్టి రెండు జాగ్రత్తలు చెప్పి ముందుకు వెళ్తాను.

మనం పీల్చిన ఆక్సిజనే కార్బన్ డయాక్సైడ్‌గా మారి బయటికి వస్తుందని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. ఆ ఆక్సిజన్ చివరికి హైడ్రోజన్‌తో కలిసి నీరవుతుంది. కార్బన్ డయాక్సైడ్‌లోని కార్బన్ గ్లూకోజ్‌ నుంచి వస్తుంది. "ఆక్సిజన్ కార్బన్ డయాక్సైడ్‌గా మారుతుంది" అని రాయకండి.

రెండోది, కణం పనులకు శక్తినిచ్చే అణువైన ఏటీపీ గురించి. హరితరేణువులో కూడా కాంతి చర్య జరిగేటప్పుడు ఏటీపీ తయారవుతుంది. అది గుర్తున్న పిల్లలు కిరణజన్య సంయోగక్రియ క్రియాజన్యాల్లో దాన్ని చేరుస్తారు. కానీ ఆ ఏటీపీ అక్కడే, చక్కెర తయారీకే ఖర్చయిపోతుంది. చివరికి మిగిలేది గ్లూకోజ్‌లో దాగిన శక్తి. పోలికలో ఒకవైపు "శక్తి గ్లూకోజ్‌లో నిల్వ అవుతుంది", రెండోవైపు "శక్తి విడుదలై కొంత ఏటీపీగా, మిగిలింది వేడిగా మారుతుంది" అని రాస్తే సరిపోతుంది. ఒక గ్లూకోజ్‌కు ఎన్ని ఏటీపీలు అన్న సంఖ్య పుస్తకాన్ని బట్టి మారుతుంది కాబట్టి అడగనప్పుడు రాయకండి.

నాలుగో అడుగు: కణంలో ఎక్కడ?

"కిరణజన్య సంయోగక్రియ ఎక్కడ జరుగుతుంది?" అని అడిగితే తరగతి అంతా ఒక్కసారే "ఆకులో సార్" అంటుంది. "ఆకులో ఎక్కడ?" అంటే సగం గొంతులు తగ్గిపోతాయి. ప్రశ్న అడిగింది కణంలో స్థానం. ఆకు ఒక అవయవం. ఆకులో కణాలుంటాయి, కణంలో హరితరేణువులుంటాయి. ఒకరు తమది శ్రీకాకుళం అని, ఇంకొకరు తమది ఫలానా వీధిలో రెండో ఇల్లు అని చెబితే ఎవరిల్లు ఎక్కడుందో పోల్చలేం. "ఆకు"కు ఎదురుగా "మైటోకాండ్రియా" రాసినా అంతే. కణాంగానికి ఎదురుగా కణాంగమే రాయాలి.

రెండు మార్కుల జవాబుకు హరితరేణువు, మైటోకాండ్రియా అన్న రెండు పేర్లు దాదాపు చాలు. "దాదాపు" అనడానికి కారణం ఉంది. శ్వాసక్రియ మొత్తం మైటోకాండ్రియాలో జరగదు. గ్లూకోజ్ నేరుగా మైటోకాండ్రియాలోకి వెళ్లదు. మొదట కణద్రవ్యంలో ఆరు కార్బన్‌ల గ్లూకోజ్ విడిపోయి మూడు కార్బన్‌ల పైరువేట్ అణువులు రెండు ఏర్పడతాయి. ఈ దశ పేరు గ్లైకాలసిస్. దీనికి ఆక్సిజన్ అవసరం లేదు. ఆ పైరువేట్ మైటోకాండ్రియాలోకి వెళ్లాక, లోపలి ద్రవభాగమైన మాత్రికలో కార్బన్‌లు కార్బన్ డయాక్సైడ్‌గా విడిపోతాయి. చివరికి మైటోకాండ్రియా లోపలి పొర మీద ఆక్సిజన్ నీరుగా మారుతుంది, ఎక్కువ ఏటీపీ అక్కడే తయారవుతుంది. కాబట్టి స్థానం గడిలో "కణద్రవ్యం, మైటోకాండ్రియా" అని రెండూ రాయండి. అందరూ వదిలేసేది "కణద్రవ్యం" అన్న మాటనే.

కిరణజన్య సంయోగక్రియకు ఇంత తిరుగుడు లేదు, అంతా హరితరేణువు లోపలే. అయినా అందులో రెండు చోట్లున్నాయి. దొంతరలుగా పేర్చినట్టు ఉండే థైలకాయిడ్ పొరల మీద పత్రహరితం ఉంటుంది. కాంతి చర్య అక్కడే జరిగి, నీరు విడిపోయి ఆక్సిజన్ వస్తుంది. ఆ దొంతరలనే గ్రానా అంటారు. వాటి చుట్టూ ఉన్న ద్రవం అవర్ణిక. అక్కడ కార్బన్ డయాక్సైడ్ చక్కెరగా మారుతుంది. ఈ రెండో దశను పుస్తకాల్లో "నిష్కాంతి చర్య" అంటారు. ఆ పేరు చూసి "రాత్రి జరుగుతుంది" అని రాసే పిల్లలున్నారు. ఆ దశలో నేరుగా కాంతి అవసరం లేదు, అంతే. దానికి కావలసిన ఏటీపీ కాంతి చర్య నుంచే రావాలి కాబట్టి మామూలుగా పగలే జరుగుతుంది.

నీలి ఆకుపచ్చ శైవలాల్లో హరితరేణువులే ఉండవు, అయినా అవి కిరణజన్య సంయోగక్రియ చేస్తాయి. కాబట్టి ఇక్కడ రాసే స్థానాలు మొక్కల కణాలకు సంబంధించినవని గుర్తుంచుకోండి.

ఐదో అడుగు: నమూనా జవాబులు

ప్రశ్న (2 మార్కులు): కిరణజన్య సంయోగక్రియ, శ్వాసక్రియలను క్రియాజనకాలు, క్రియాజన్యాల ఆధారంగా పోల్చండి.

జవాబు: కిరణజన్య సంయోగక్రియలో కార్బన్ డయాక్సైడ్, నీరు క్రియాజనకాలు, గ్లూకోజ్, ఆక్సిజన్, నీరు క్రియాజన్యాలు. వాయు శ్వాసక్రియలో గ్లూకోజ్, ఆక్సిజన్ క్రియాజనకాలు, కార్బన్ డయాక్సైడ్, నీరు క్రియాజన్యాలు, శక్తి విడుదలవుతుంది.

రెండే వాక్యాలు. రెండిట్లోనూ మాటల వరుస ఒకటే: ముందు క్రియాజనకాలు, తర్వాత క్రియాజన్యాలు. పట్టిక గీయకపోయినా పోలిక కనిపిస్తుంది.

ప్రశ్న (4 మార్కులు): కిరణజన్య సంయోగక్రియ, శ్వాసక్రియల మధ్య భేదాలను పట్టిక రూపంలో రాయండి.

జవాబు:

| అంశం | కిరణజన్య సంయోగక్రియ | వాయు శ్వాసక్రియ |
|---|---|---|
| క్రియాజనకాలు | కార్బన్ డయాక్సైడ్, నీరు | గ్లూకోజ్, ఆక్సిజన్ |
| క్రియాజన్యాలు | గ్లూకోజ్, ఆక్సిజన్, నీరు | కార్బన్ డయాక్సైడ్, నీరు |
| కణంలో స్థానం | హరితరేణువు | కణద్రవ్యం, మైటోకాండ్రియా |
| శక్తి | కాంతి శక్తి గ్లూకోజ్‌లో రసాయన శక్తిగా నిల్వ అవుతుంది | గ్లూకోజ్‌లోని శక్తి విడుదలవుతుంది |
| జరిగే సమయం | కాంతి ఉన్నప్పుడు మాత్రమే | రాత్రి, పగలు నిరంతరం |

చివరి వరుస జాగ్రత్తగా చూడండి. "కిరణజన్య సంయోగక్రియ పగలు, శ్వాసక్రియ రాత్రి" అని రాస్తే ఆ వరుస తప్పవుతుంది. మొక్క పగలు కూడా శ్వాసిస్తుంది. పగటి ఎండలో హరితరేణువులు విడుదల చేసే ఆక్సిజన్ శ్వాసక్రియకు పట్టే దానికంటే ఎక్కువ కాబట్టి మిగులు బయటికి వస్తుంది. శ్వాసక్రియ నుంచి వచ్చిన కార్బన్ డయాక్సైడ్ లోపలే ఖర్చయిపోతుంది. అందుకే బయటి నుంచి చూస్తే పగలు శ్వాసక్రియ లేనట్టు అనిపిస్తుంది.

ఆరో అడుగు: తిప్పి అడిగిన ప్రశ్న

పట్టిక కంఠతా వచ్చినవాళ్లు కూడా తడబడేది ఇక్కడే. మన ఊళ్లో అందరికీ తెలిసిన సంగతితోనే చూద్దాం.

నారుమడి కోసం వడ్లు సుమారు 24 గంటలు నానబెట్టి, నీళ్లు వంచేసి, గోనెసంచిలో పోసి ఇంకో రోజు మండె కడతారు. మర్నాడు సంచిలో చేయి పెడితే లోపల వేడిగా ఉంటుంది. మా పక్కింటి రైతు ఒకసారి నన్ను పిలిచి చూపించాడు: "సెయ్యెట్టి సూడండి మాస్టారూ, ఎలగ ఏడెక్కిపోనాదో." ఆ మర్నాడే పిల్లలకు ఈ ప్రశ్న ఇచ్చాను.

ప్రశ్న: మండె కట్టిన వడ్లు ఎందుకు వేడెక్కుతాయి? ఆ సమయంలో వాటిలో జరిగే చర్యకు క్రియాజనకాలు, క్రియాజన్యాలు, స్థానం రాయండి. కిరణజన్య సంయోగక్రియ ఎందుకు జరగదో తెలపండి.

ఒక కుర్రాడు "సంచిలో గాలి ఆడక వేడెక్కాయి" అని రాశాడు. గాలి ఆడకపోవడం వల్ల వేడి బయటికి పోదు, నిజమే. కానీ ఆ వేడి పుట్టింది ఎక్కడ? జవాబులో ఉండాల్సింది అది. ఇంకో అమ్మాయి "విత్తనం ఆహారం తయారు చేసుకుంటుంది" అని రాసింది. ఇక్కడ ఒక్కసారి స్థానం గడి గుర్తు తెచ్చుకోవాలి. అప్పుడే మొలకెత్తుతున్న వడ్ల గింజ లోపల ఆకుపచ్చ ఎక్కడుంది? సంచిలో వెలుగెక్కడుంది? పచ్చని హరితరేణువులు లేనిచోట, కాంతి లేనిచోట ఆహారం తయారు కాదు. గింజలో నిల్వ ఉన్న పిండి చక్కెరగా మారి ఖర్చవుతుంది.

జవాబు: నానిన వడ్లలో పిండి పదార్థం గ్లూకోజ్‌గా మారి శ్వాసక్రియలో వినియోగమవుతుంది. గ్లూకోజ్, ఆక్సిజన్ క్రియాజనకాలు. కార్బన్ డయాక్సైడ్, నీరు క్రియాజన్యాలు. ఈ చర్య కణద్రవ్యంలో మొదలై మైటోకాండ్రియాలో పూర్తవుతుంది. విడుదలైన శక్తిలో కొంత మొలక పెరుగుదలకు ఉపయోగపడుతుంది, మిగిలింది వేడిగా మారుతుంది. సంచిలో కాంతి లేదు, మొలకలో పచ్చని హరితరేణువులు ఇంకా ఏర్పడలేదు కాబట్టి కిరణజన్య సంయోగక్రియ జరగదు.

ఇది నిజమో కాదో బరువు చూసి తెలుసుకోవచ్చు. ఒకే బరువున్న పొడి వడ్లు రెండు గుప్పెళ్లు తీసుకుని ఒకటి అలాగే ఉంచి, రెండోది చీకట్లో మొలకెత్తించి, రెండిటినీ పూర్తిగా ఆరబెట్టి తూచండి. మొలకెత్తినవి తేలికగా ఉంటాయి. తగ్గిన బరువంటే గ్లూకోజ్‌లోని కార్బన్ కార్బన్ డయాక్సైడ్‌గా గాలిలో కలిసిపోయిందని అర్థం. తేడా చాలా చిన్నది, కాబట్టి వంటింటి త్రాసులో కనిపించకపోవచ్చు. బడిలో గ్రాములో పదో వంతు వరకు తూచే త్రాసు ఉంటే దాన్ని వాడండి. గింజలు పూర్తిగా ఆరకపోతే నీటి బరువు కలిసి లెక్క తారుమారవుతుంది. మొలకలు విరిగి రాలినా తప్పు ఫలితమే వస్తుంది, అందుకే రాలిన ముక్కలను కూడా త్రాసులో వేయాలి.

ఇదే మండెలో "వాయు శ్వాసక్రియ" అని ముందే రాయమన్నది ఎందుకో కూడా తెలుస్తుంది. నీళ్లు సరిగా వంచకుండా గింజలు మునిగే ఉంటే, వాటికి ఆక్సిజన్ అందక పులిసిన వాసన వస్తుంది. అప్పుడు పైరువేట్ మైటోకాండ్రియాలోకి వెళ్లకుండా కణద్రవ్యంలోనే ఇథనాల్‌గా, కార్బన్ డయాక్సైడ్‌గా మారుతుంది. దాన్ని అవాయు శ్వాసక్రియ అంటారు. ప్రశ్నలో "ఆక్సిజన్ లేనప్పుడు" అని కనిపిస్తే పట్టికలో శ్వాసక్రియ గడి మొత్తం ఇలా మారుతుంది: క్రియాజనకం గ్లూకోజ్ ఒక్కటే, క్రియాజన్యాలు ఇథనాల్, కార్బన్ డయాక్సైడ్, స్థానం కణద్రవ్యం మాత్రమే. శక్తి వరుసలో "తక్కువ శక్తి విడుదలవుతుంది" అని రాయాలి.

కాగితం ఇచ్చేముందు

ముందుగా ప్రతి వరుసను అడ్డంగా చదవండి. ఎడమ గడి, కుడి గడి రెండూ ఒకే అంశం గురించి మాట్లాడుతున్నాయా? తర్వాత స్థానం వరుసలో "ఆకు", "ఊపిరితిత్తులు" లాంటి మాటలుంటే కొట్టేసి కణాంగం పేరు రాయండి. ఊపిరితిత్తుల్లో జరిగేది వాయువుల మార్పిడి, గ్లూకోజ్ ఆక్సీకరణ ప్రతి కణంలోనూ జరుగుతుంది. ఆపైన కణద్రవ్యం రాశారో లేదో చూడండి. సమీకరణం రాసి ఉంటే బాణానికి రెండు పక్కలా ఆక్సిజన్ పరమాణువులు లెక్కపెట్టండి: కిరణజన్య సంయోగక్రియకు 24, 24 రావాలి, శ్వాసక్రియకు 18, 18 రావాలి. రాకపోతే ఎక్కడో ఒక 6 జారిపోయిందన్నమాట, చాలాసార్లు అది కుడి పక్క నీటి ముందు ఉండాల్సిన 6.